అందరూ నవ్వుతూనే మాట్లాడారు, మరి రిస్క్ ఎక్కడుంది?

ప్రశ్న: నమస్తే మేడమ్. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కస్టమర్ సక్సెస్ టీమ్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. గోడౌన్లలో సరుకు లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. కిందటేడు ఒక క్లయింటుతో మూడు నెలల రివ్యూ కాల్ అయ్యాక ‘చాలా హ్యాపీగా ఉన్నారు’ అని రాసి పైకి పంపాను. రెండు నెలలకే వాళ్లు రెన్యువల్ వద్దన్నారు. తర్వాత జరిగిన మీటింగులో నా మెయిల్‌ను స్క్రీన్ మీద పెట్టి చూపించారు. ఆ రోజు నుంచి రివ్యూ సారాంశం రాయాలంటేనే టెన్షన్.

ఇప్పుడు ఒహాయోలో ఉన్న ఇంకో క్లయింటు. వాళ్లకు కొలంబస్‌లో ఒకటి, టొలీడోలో ఒకటి, రెండు గోడౌన్లు. నవంబరు 12న గంటసేపు కాల్ అయింది. అందరూ నవ్వుతూ, మర్యాదగా మాట్లాడారు. కాంట్రాక్టు మార్చి 31తో అయిపోతుంది. ట్రాన్స్‌క్రిప్టు 22 పేజీలు వచ్చింది. మా మేనేజర్ ఒక్క పేజీలో సంతృప్తి, రిస్కులు, రెన్యువల్‌లో మాట్లాడాల్సిన విషయాలు ఇమ్మన్నారు. క్లయింటు పరిస్థితి ఎలా ఉందో చెప్పే రంగు, గ్రీనో ఎల్లోనో రెడ్డో, కూడా దాని మీద పెట్టాలి. ‘రెడ్ మాత్రం పెట్టకు, పైవాళ్లు కంగారు పడతారు’ అని కూడా అన్నారు. నాకేమో ఏదో తేడాగా ఉందని అనిపిస్తోంది కానీ చూపించడానికి రుజువు లేదు. పేర్లు తీసేసి నా నోట్సు జతచేస్తున్నాను. గ్రీన్ పెట్టనా, ఎల్లో పెట్టనా? ఇదే కాగితం క్లయింటుకు కూడా పంపాలా?

— పేరు వద్దు, కొండాపూర్

జవాబు: రుజువు లేదన్నారు. మీ నోట్సు చదివాక నాకలా అనిపించలేదు. రుజువులన్నీ అందులోనే ఉన్నాయి. కాకపోతే అవి మీరు వెతికిన చోట లేవు. ఎవరు కోప్పడ్డారు, ఎవరు ఫిర్యాదు చేశారు అని వెతికారు. ఈ కాల్‌లో ఎవరూ కోప్పడలేదు.

కిందటేడు మెయిల్‌లో మీరు చేసిన పొరపాటు మంచి మాట రాయడం కాదు. ‘హ్యాపీగా ఉన్నారు’ అన్నది మీరు తేల్చిన తీర్పు. ఎవరన్నారు, ఏమన్నారు, ఏ సందర్భంలో అన్నారు అన్నది అందులో లేదు. అందుకే చదివిన వాళ్లెవరికీ దాన్ని ప్రశ్నించే వీలు లేకపోయింది. తీరా బెడిసికొట్టాక తప్పంతా మీ ఒక్కరి మీద పడింది. దానికి విరుగుడుగా ఈసారి అనుమానాలన్నీ నింపి పంపినా జరిగేది అదే, తీర్పు మాత్రం తిరగబడుతుంది. ప్రతి విషయానికీ మూడు ముక్కలు విడివిడిగా రాయండి: వాళ్లన్న మాట, దాని నుంచి మీరు అనుకున్నది, అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది. మొదటిది వాళ్లది, రెండోది మీది. ఈ రెండూ కలిసిపోయిన చోటే కిందటేడు మీకు దెబ్బ తగిలింది.

నాకూ ఒకసారి తగిలింది. ఒక క్లయింటు నుంచి రెండు త్రైమాసికాల పాటు సపోర్ట్ టికెట్లు బాగా తగ్గాయి. ‘సమస్యలు తగ్గాయి, క్లయింటు సంతృప్తిగా ఉన్నారు’ అని గర్వంగా రాశాను. అసలు సంగతి ఏమిటంటే వాళ్లు మా సాఫ్ట్‌వేర్ వాడటమే తగ్గించేశారు. వాడకపోతే టికెట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? టికెట్ల లెక్క పక్కన లాగిన్ల లెక్క పెట్టి చూసుంటే ఆ రోజే తెలిసేది.

ఇక మీ నోట్సులోకి వద్దాం. కాల్ మొదట్లోనే వాళ్ల ఆపరేషన్స్ డైరెక్టర్ మిమ్మల్ని తెగ పొగిడారు. గొప్ప పార్ట్‌నర్‌షిప్ అన్నారు, సపోర్ట్ టీమ్ అద్భుతం అన్నారు. దాన్ని మీరు సంతృప్తి కింద మొదటి పాయింటుగా రాసుకున్నారు. అక్కణ్ణుంచి తీసేయండి. మనింట్లో గుమ్మం దాటుతున్న మనిషిని ‘కాఫీ తాగి వెళ్లండి’ అంటాం చూడండి, అలాంటి మాట అది. అబద్ధం కాదు, కానీ దాని మీద లెక్క కట్టలేం. ఆ పొగడ్తలో ఒక్క పని పేరు గానీ, ఒక్క తేదీ గానీ, ఒక్క అంకె గానీ లేదు. ఏ వెండర్‌తోనైనా అదే మాట అనొచ్చు.

దానికి పూర్తిగా వేరుగా ఉంది కొలంబస్ గోడౌన్ సూపర్‌వైజర్ మాట. మీ నోట్సులో అది నాలుగో పేజీలో ఒక మూలన ఉంది. ఇంతకుముందు స్టాక్ లెక్కింపు కోసం శని, ఆదివారాలు రెండూ పోయేవని, ఇప్పుడు ఒక్క షిఫ్టులో అయిపోతోందని ఆవిడ చెప్పారు. పైగా ఎక్కువ తేడాలు వచ్చే అరలకు తనే ఒక రిపోర్టు తయారు చేసుకున్నానన్నారు. ఆ రిపోర్టు మీరు నేర్పింది కాదు, మిమ్మల్ని అడిగిందీ కాదు. అసలైన సంతృప్తి ఇలా ఉంటుంది: ముందు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది అని పోల్చి చెప్పగలగడం, మనం చెప్పకుండానే వాళ్లంతట వాళ్లు ఇంకో అడుగు వేయడం. ఈ ఒక్క మాట డైరెక్టర్ పొగడ్తలన్నిటి కంటే బరువైనది, ఎందుకంటే రేపు ఫైనాన్స్ వాళ్లు ‘దీనికి డబ్బు ఎందుకు కట్టాలి’ అని అడిగితే లోపలి నుంచి జవాబు చెప్పగలిగేది ఆవిడే.

డైరెక్టర్ సర్వేలో 10కి 8 ఇచ్చారని కూడా సంతృప్తి కింద రాశారు. ‘మమ్మల్ని ఇతరులకు సిఫారసు చేస్తారా’ అని అడిగే ఈ కొలతలో 9, 10 ఇచ్చిన వాళ్లనే మెచ్చుకునే వాళ్లుగా లెక్కిస్తారు. 7, 8 ఇచ్చిన వాళ్లు అటూ ఇటూ కాని వాళ్లు. 6, అంతకు తక్కువైతే అసంతృప్తి. కాబట్టి 8 శుభవార్త కాదు, అలాగని చెడ్డదీ కాదు. అదీ ఒక్కరి అభిప్రాయం. పోయినసారి ఆయనే ఎంత ఇచ్చారో పక్కన రాస్తే దానికి కాస్త అర్థం వస్తుంది, లేకపోతే వదిలేయండి.

ఇప్పుడు రిస్కుల సంగతి. మీకు ‘ఏదో తేడా’ అనిపించింది నాలుగు చోట్ల. నాలుగూ ఒక రకం కావు.

మొదటిది స్కానర్ల టికెట్. శీతల గదిలో చేతి స్కానర్‌తో స్కాన్ చేసిన సరుకు స్క్రీన్ మీదికి ఆలస్యంగా వస్తోందని వాళ్లు పెట్టిన టికెట్ 47 రోజులుగా తెరిచే ఉంది. దాని గురించి అడిగినప్పుడు ‘దాంతో బతకడం అలవాటైపోయింది’ అని ఒకాయన జోకేశారు, అందరూ నవ్వారు, మీరూ నవ్వారు, అక్కడితో ఆ విషయం అయిపోయింది. నా లెక్కలో కాల్ మొత్తం మీద చాలా బరువైన వాక్యం అది. కోపంగా ఉన్న క్లయింటు ఇంకా మన దగ్గర ఏదో ఆశిస్తున్నాడు. అలవాటైపోయిందన్నవాడు ఆశ వదులుకున్నాడు. ఆశ వదులుకున్నాక వాళ్లు చేసేది చుట్టుదారి వెతుక్కోవడం, అంటే కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించుకోవడం. కాగితంతో పని నడుస్తోందని ఒకసారి తెలిశాక మీ సాఫ్ట్‌వేర్ లేకపోయినా నడుస్తుందన్న ఆలోచన వచ్చేస్తుంది. కిందటి త్రైమాసికంలో కూడా ‘చూస్తాం’ అని చెప్పారని మీరే రాశారు. సారాంశంలో ఆ ముక్క తప్పకుండా ఉండాలి: రెండుసార్లు మాటిచ్చాం, రెండుసార్లూ తేదీ ఇవ్వలేదు.

రెండోది టొలీడో. అక్కడి సంగతి అడిగితే ‘ఇంకా దారిలో పడుతున్నారు’ అన్నారు. వినడానికి ఏ ఇబ్బందీ లేని మాట. మీ లాగిన్ల పట్టిక చూస్తే వేరే కథ. కొన్నది 120 లైసెన్సులు. గత 30 రోజుల్లో ఒక్కసారైనా లాగిన్ అయింది 74 మంది. మిగిలిన 46లో 38 టొలీడోవి. అక్కడ కొత్త సూపర్‌వైజర్ వచ్చారు, ఆయనకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు, ఎక్సెల్ షీట్లతో నడిపిస్తున్నారు. ఇది ఊహ కాదు, అంకె. అంకెలు దొరికిన చోట మాటల మీద ఆధారపడకండి.

మూడోది ఫైనాన్స్ నుంచి వచ్చిన కొత్తాయన. మొదటిసారి కాల్‌లోకి వచ్చారు, కెమెరా పెట్టలేదు, గంటలో రెండే ప్రశ్నలు వేశారు. ధర మనిషికా, గోడౌన్‌కా అన్నది ఒకటి. మా డేటా ఏ ఫార్మాట్‌లో బయటికి తీసుకోవచ్చు అన్నది రెండోది. మీరు వీటిని ‘ఇతర ప్రశ్నలు’ కింద పడేశారు. అలాగని ‘క్లయింటు వెళ్లిపోతున్నాడు’ అని రాసినా తప్పే అవుతుంది. డేటా ఎగుమతి గురించి అడగడానికి నాకు తెలిసి రెండు మామూలు కారణాలు ఉంటాయి. ఏడాది చివర ఆడిట్ వాళ్లకు స్టాక్ వివరాలు కావాలి, లేదా ఇంకో వెండర్‌తో మాట్లాడుతున్నారు. రెండూ రాయండి. ఏది నిజమో తేల్చే దారీ రాయండి. అది చాలా సులువు: ‘మీరడిగిన ఎగుమతి ఏ పనికో చెబితే దానికి సరిపడే ఫార్మాట్ పంపుతాం’ అని మర్యాదగా ఒక మెయిల్. ఆడిట్ కోసమైతే ఏ తేదీ నాటి స్టాక్ కావాలో చెబుతారు. మొత్తం చరిత్ర, మొదటి రోజు నుంచి, అన్ని పట్టికలూ కావాలంటే రెండో కారణం వైపు మొగ్గొచ్చు.

నాలుగోది రాని మనిషి. మొదట్లో మీ సాఫ్ట్‌వేర్ కొనిపించిన ఐటీ హెడ్ ఈసారి కాల్‌లో లేరు. ‘ఆయన వేరే ప్రాజెక్టుల్లో ఉన్నారు’ అన్నారు. ఎవరు మాట్లాడారన్నదే సాధారణంగా సారాంశాల్లో ఉంటుంది. ఎవరు రాలేదు, ఎవరు కొత్తగా వచ్చారు అన్నది కూడా ఒక్క వాక్యం రాయండి. మిమ్మల్ని కొనిపించిన మనిషి పక్కకు వెళ్లి, డబ్బు లెక్క చూసే మనిషి లోపలికి వచ్చారంటే, మార్చిలో నిర్ణయం తీసుకునే వాళ్లు మారారేమోనన్న ప్రశ్న లేవాలి. ఇది అనుమానమే, కాబట్టి అనుమానంగానే రాయండి: ‘సంతకం ఎవరిదో తెలియదు, డైరెక్టర్‌ను అడగాలి’.

ఇంకో చిన్న గమనిక, మనలో మాట. అరవై నిమిషాల్లో మీ వాళ్లు 41 నిమిషాలు మాట్లాడారు. అందులో 35 నిమిషాలు స్లైడ్లే. కొత్త ఫీచర్ల మీద వాళ్లు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ మౌనాన్ని ‘రోడ్‌మ్యాప్ నచ్చింది’ అని రాసుకున్నారు. నచ్చిన వాళ్లు ‘ఎప్పుడొస్తుంది’ అని అడుగుతారు. అక్కడ రాయాల్సింది ‘స్పందన లేదు’ అని, అంతే.

ఇప్పుడు డబ్బు. మీ మేనేజర్‌కూ, పైవాళ్లకూ ఈ నాలుగింటినీ కలిపే దారం అదే. మీ ధర మనిషికి నెలకు 40 డాలర్లని రాశారు. 120 మందికి ఏడాదికి 57,600 డాలర్లు. రెన్యువల్‌లో 7 శాతం పెంచాలని మీ కంపెనీ అనుకుంటోంది, అంటే 4,032 డాలర్లు ఎక్కువ. అటు టొలీడోలో వాడని 38 లైసెన్సుల విలువ ఏడాదికి 18,240 డాలర్లు, దాదాపు మూడో వంతు. ఫైనాన్స్ ఆయన మొదటి ప్రశ్న ఏమిటి? ధర మనిషికా, గోడౌన్‌కా అని. ఇప్పుడు చదవండి ఆ ప్రశ్నను.

మీరు ‘ఉంటారా, పోతారా’ అన్న భయంలో ఉండి అసలు అవకాశం ఎక్కువున్నదాన్ని చూడలేదు. ఈ క్లయింటు ఉండొచ్చు, కానీ చిన్నదై ఉండొచ్చు. నాలుగు వేలు పెంచడానికి వెళ్లి పద్దెనిమిది వేలు తగ్గించుకుని వచ్చే పరిస్థితి. మీ కాగితం మీద ఈ ఒక్క లెక్క ఉంటే చాలు, చదివేవాళ్లకు కంగారు కన్నా ఆలోచన ఎక్కువ వస్తుంది.

తేదీల దగ్గర కూడా మీ నోట్సులో ఒక లోపం ఉంది. రెన్యువల్ మార్చి 31 అని రాశారు. కాంట్రాక్టులో 60 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే దానంతట అదే కొనసాగుతుందని ఉందట. అయితే మీ అసలు గడువు జనవరి 30. కాల్ రోజు నుంచి లెక్కేస్తే 79 రోజులు. అందులో నవంబరు నాలుగో గురువారం వాళ్ల థ్యాంక్స్‌గివింగ్, ఆ వారం సగం పోయినట్టే. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఎవరూ దొరకరు. ఫైనాన్స్ వాళ్లు కాగితం చూసి జవాబివ్వడానికి రెండు వారాలకు పైగా ఇవ్వాలనుకుంటే మీ ప్రతిపాదన జనవరి 12 నాటికి వాళ్ల చేతిలో ఉండాలి. అంటే ధర మీద మీ కంపెనీ లోపలి నిర్ణయం డిసెంబరు మూడో వారంలోనే అయిపోవాలి. (జనవరి 12కి పంపేస్తే సంక్రాంతికి ఊరు కూడా వెళ్లొచ్చు. నేను ఆ పండుగకు ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లిన సంవత్సరాలు చాలానే ఉన్నాయి.)

నోటీసు రోజులు మామూలు రోజులా, పనిదినాలా అన్నది కాంట్రాక్టు తెరిచి మీ కళ్లతో చూడండి. ఎవరో చెప్పింది రాయకండి.

ఇక్కడ మీ ఆఫీసులో ఎవరో ఒకరు ‘జనవరి 30 దాకా మౌనంగా ఉందాం, దానంతట అదే రెన్యూ అవుతుంది కదా’ అంటారు. అది కూడా ఒక దారే, కాదనను. కాగితం ప్రకారం ఏడాది ఆదాయం వస్తుంది. కానీ ఫైనాన్స్ నుంచి కొత్త మనిషి కాల్‌లోకి వచ్చి ధర అడిగాడంటే కాంట్రాక్టు ఆయన టేబుల్ మీద ఉన్నట్టే. నోటీసు ఆయనే ముందు పంపేస్తే మీరు బేరంలో వెనకబడిపోతారు. పంపడం మర్చిపోయి ఇరుక్కుంటే ఏడాదంతా ఆ కోపం మీ టికెట్ల మీద కనిపిస్తుంది, ఆపై ఏడాది మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

రంగు సంగతికొస్తే, మీ ముందు మూడు దారులున్నాయి.

గ్రీన్ పెడితే ఈ నెల హాయిగా ఉంటుంది. స్కానర్ టికెట్‌కు ఇంజినీరును ఎవరూ ఇవ్వరు, ఎందుకంటే గ్రీన్ అకౌంటుకు ఎవరిస్తారు? జనవరిలో ఏదైనా జరిగితే మళ్లీ మీ మెయిలే స్క్రీన్ మీదికి వస్తుంది. మీరు ఒకసారి చూసేశారు గనుక ఇంకా చెప్పను.

రెడ్ పెడితే మీ మేనేజర్ భయపడేది జరుగుతుంది, ఆయన భయం ఉత్తదేమీ కాదు. పైనున్న వాళ్లలో ఎవరో డైరెక్టర్‌కు నేరుగా ఫోన్ చేస్తారు, ‘మీరు అసంతృప్తిగా ఉన్నారట’ అని. ఆయన తెల్లబోతారు, ఎందుకంటే ఆయన పొగిడారు. ఆ తర్వాత ఇంకెవరో అడగకముందే డిస్కౌంట్ ఇచ్చేస్తారు. అసలు సమస్య టొలీడో ట్రైనింగ్, స్కానర్ ఆలస్యం. ఈ రెండూ డిస్కౌంటుతో తీరవు, పైగా ధర తగ్గించొచ్చని వాళ్లకు మనమే నేర్పినట్టవుతుంది.

ఎల్లో పెట్టొచ్చు, కానీ ఉత్త ఎల్లో పెడితే అది మర్యాదగా పెట్టిన గ్రీన్ లాగే చదువుతారు. నేనైతే దానికి రెండు షరతులు కట్టి పెడతాను: డిసెంబరు 5 నాటికి స్కానర్ టికెట్‌కు తేదీ ఇవ్వలేకపోతే, లేదా డిసెంబరు 19 నాటికి టొలీడోలో కనీసం 20 మంది లాగిన్ కాకపోతే ఇది రెడ్ అవుతుంది. అప్పుడు రంగు మీ మూడ్ మీదో, మేనేజర్ ధైర్యం మీదో ఆధారపడదు. మీ ఆఫీసులో రంగులకు ముందే రాసిపెట్టిన నియమాలుంటే మాత్రం వాటి ప్రకారమే వెళ్లండి, ఈ షరతులు కింద రాయండి.

ఏ దారి ఎంచుకున్నా కాగితం పంపే ముందు మేనేజర్‌తో పదిహేను నిమిషాలు కూర్చోండి. రంగు గురించి మాట్లాడకండి. 18,240 అంకె చూపించి, ‘ఇది తగ్గితే మన ఫోర్‌కాస్ట్‌లో ఎక్కడ కనిపిస్తుంది సార్?’ అని అడగండి. ఆయనకు కూడా ఆశ్చర్యాలు నచ్చవు. ఆ తర్వాత కూడా గ్రీనే పెట్టమంటే పెట్టండి, కానీ కింద మాటలూ అంకెలూ మాత్రం మార్చకండి. రంగు ఆయన నిర్ణయం, క్లయింటు అన్న మాట ఎవరి నిర్ణయమూ కాదు.

కాగితం ఎలా ఉండాలో చెప్పడం కన్నా కొంత రాసి చూపిస్తాను. మీ భాషలోకి మార్చుకోండి.

> సంతృప్తి. కొలంబస్ సూపర్‌వైజర్ (18వ నిమిషం): స్టాక్ లెక్కింపు రెండు రోజుల నుంచి ఒక షిఫ్టుకు తగ్గిందని చెప్పారు. సొంతంగా రిపోర్టు తయారు చేసుకున్నారు. మా అభిప్రాయం: కొలంబస్‌లో వాడకం గట్టిగా ఉంది. ఈ ఫలితాన్ని అంకెలతో రాసి ఇవ్వగలరా అని ఆవిడను అడుగుతాం.
>
> రిస్క్ 1. టొలీడో: 38 లైసెన్సులు 30 రోజులుగా వాడలేదు. కొత్త సూపర్‌వైజర్‌కు ట్రైనింగ్ జరగలేదు. రెన్యువల్‌లో తగ్గించే అవకాశం ఉంది, ఏడాదికి 18,240 డాలర్లు.
>
> రిస్క్ 2. స్కానర్ ఆలస్యం: టికెట్ 47 రోజులుగా తెరిచి ఉంది. ‘అలవాటైపోయింది’ (31వ నిమిషం). రెండు త్రైమాసికాలుగా తేదీ ఇవ్వలేదు. ఇంజినీరింగ్ నుంచి తేదీ కావాలి, కుదరకపోతే కుదరదన్న జవాబైనా కావాలి.
>
> తేల్చాల్సింది. ఫైనాన్స్ నుంచి ధర విధానం, డేటా ఎగుమతి మీద ప్రశ్నలు (44వ నిమిషం). ఆడిట్ కోసమా, వేరే వెండర్ కోసమా తెలియదు. గురువారంలోగా మెయిల్ పంపి తెలుసుకుంటాం. సంతకం ఎవరిదో కూడా తెలియదు.

చూశారుగా, ‘హ్యాపీ’ గానీ ‘అసంతృప్తి’ గానీ ఎక్కడా లేదు. నిమిషం రాయడం వల్ల ఎవరికైనా అనుమానం వస్తే రికార్డింగ్ తెరిచి వినొచ్చు. ‘తేల్చాల్సింది’ అన్న నాలుగో అర మీ మేనేజర్ అడగలేదు, అయినా పెట్టండి. తెలియనివన్నీ రిస్కులో పడేస్తే కాగితం భయపెడుతుంది, సంతృప్తిలో పడేస్తే మోసం చేస్తుంది.

రెన్యువల్‌లో మాట్లాడాల్సిన విషయాలు ధరతో మొదలుపెట్టకండి. మొదటి విషయం టొలీడో. అక్కడ రెండు ప్రతిపాదనలు చేతిలో పెట్టుకోండి. 120 లైసెన్సులూ ఉంచుకుంటే మా ఖర్చుతోనే డిసెంబరులో ట్రైనింగ్ ఇస్తామన్నది ఒకటి. కుదరకపోతే 90కి తగ్గించి, టొలీడో గాడిన పడ్డాక అదే ధరకు మళ్లీ చేర్చుకునే వీలు ఇవ్వడం రెండోది. రెండో దాంట్లో ఏడాదికి 14,400 డాలర్లు పోతాయి, కానీ క్లయింటు నిలుస్తాడు, తగ్గించమని వాళ్లే అడిగే ముందు మీరే చెప్పారు గనుక నమ్మకం కూడా నిలుస్తుంది. మీ కంపెనీ ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి, కానీ అడగాల్సింది డిసెంబరులోనే, జనవరి చివర్లో కాదు. రెండో విషయం స్కానర్. ఇది తేలకుండా 7 శాతం పెంపు మాట ఎత్తితే ఆ జోకేసిన ఆయనే ఈసారి నవ్వకుండా గుర్తుచేస్తారు. పెంపు తప్పదనుకుంటే రెండేళ్లకు సంతకం పెడితే ధర మార్చబోమన్న మాట కూడా చేతిలో పెట్టుకోండి. అప్పుడు ఫైనాన్స్ ఆయనకు కూడా లోపల చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇదే కాగితం క్లయింటుకు పంపకండి. వాళ్లకు వేరే మెయిల్, సగం పేజీ చాలు, వీలైనంత త్వరగా. అందులో మీ ఊహలేవీ ఉండకూడదు: వాళ్లు ఏం చెప్పారు, మనం ఏం చేస్తామన్నాం, ఎవరు, ఏ తేదీకి. కొలంబస్ ఫలితం కూడా రాయండి, డైరెక్టర్ ఆ మెయిల్‌ను ఫైనాన్స్‌కు ఫార్వర్డ్ చేస్తే మీ పని సగం ఆయనే చేసినట్టు. చివర్లో ‘ఏదైనా తప్పుగా రాసుంటే సరిదిద్దండి’ అని అడగండి. నా అనుభవంలో అసలు సంగతులు చాలాసార్లు ఆ జవాబులోనే బయటపడతాయి. లోపలి కాగితంలో కూడా ‘ఫైనాన్స్ ఆయన ఇబ్బంది పెట్టే మనిషి’ లాంటి మాటలు వద్దు. లోపలి మెయిళ్ల కింద తోక పెరిగి పెరిగి ఏదో ఒక రోజు బయటికి వెళుతుంది.

వచ్చేసారి నుంచి ఒక పని. మీ కాల్ ఒహాయోలో ఉదయం పదికి మొదలైతే మనకు రాత్రి తొమ్మిదిన్నరకు అయిపోతుంది, నవంబరులో వాళ్ల గడియారం మారాక. నిద్రొస్తుంది, తెలుసు. అయినా ల్యాప్‌టాప్ మూసే ముందు పది నిమిషాలు ట్రాన్స్‌క్రిప్టులో రానివి రాసుకోండి: ఎవరు ఎవరి వైపు చూసి ఆగారు, ఏ ప్రశ్న తర్వాత నిశ్శబ్దం వచ్చింది, ఎవరు మధ్యలో వెళ్లిపోయారు. తెల్లారేసరికి అవి గుర్తుండవు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు రికార్డింగ్‌లో 52వ నిమిషం మళ్లీ వినండి. రెన్యువల్ గురించి డైరెక్టర్ ‘పండుగల తర్వాత చూద్దాం’ అన్నారని మీ నోట్సులో ఉంది. మీరు అతికించిన ట్రాన్స్‌క్రిప్టు ముక్కలో మాత్రం పండుగల ముందే మాటివ్వగలమని అన్నట్టు పడింది. అమెరికన్ యాసలో ‘కెన్’కూ ‘కాంట్’కూ తేడా చెవికే సరిగ్గా అందదు, ట్రాన్స్‌క్రిప్టులో తారుమారు కావడం మామూలే. ఆయన ‘ఇవ్వలేం’ అని ఉంటే పైన చెప్పిన తేదీలన్నీ అలాగే ఉంచండి. నిజంగానే ‘ఇవ్వగలం’ అని ఉంటే మీ చేతిలో ఉన్నది జనవరి కాదు, డిసెంబరు. అప్పుడు డైరెక్టర్‌కు మెయిల్ రేపు పొద్దున్నే వెళ్లాలి.